చలికాలం కబుర్లు: లక్డీకాపూల్‌లో బెల్లం కాఫీ

జనవరి ఒకటో తారీకు దాటిందంటే మా లక్డీకాపూల్ సాయంత్రాలు మారిపోతాయి. నాంపల్లిలో నుమాయిష్ మొదలవుతుంది కదా! ఆఫీసులు వదిలే వేళకి అసెంబ్లీ వైపు వెళ్లే బళ్లన్నీ మెల్లగా పాకుతుంటాయి. మెట్రోలో గాంధీభవన్ దాకా వెళ్లే కుటుంబాలు పిల్లల్ని చంకనేసుకుని కిక్కిరిసి నిలబడతాయి. ఈ నుమాయిష్ 1938లో మొదలైంది మాకు ఇటు పక్కనే ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌లో. 1946లో ఇప్పుడున్న నాంపల్లి మైదానానికి మారింది. అందుకని దాన్ని మా పేట పండగలాగే చూసుకుంటాం. ఇంకోవైపు సంక్రాంతి హడావుడి. ఊళ్లకి వెళ్లేవాళ్లు సంచులు సర్దుకుంటుంటే, ఉండిపోయినవాళ్లు అరిసెలకి బెల్లం తెచ్చుకుంటుంటారు. మెహదీపట్నం రైతుబజార్‌లోనూ బేగంబజార్‌లోనూ కొత్త బెల్లం దిమ్మలు దిగేది ఈ రోజుల్లోనే.

ఈసారి సందడంతా బెల్లం కాఫీది. ఇరానీ చాయ్ పేటలో కాఫీ గురించి ఇంత చర్చ జరగడం విశేషమే. టీ బడ్ల మీద ‘బెల్లం చాయ్’ బోర్డులు వచ్చి చాలాకాలమైంది. ఇప్పుడు వాటి పక్కనే ‘బెల్లం కాఫీ’ కూడా రాస్తున్నారు. మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కలిస్తే మాట అక్కడికే వస్తోంది: “బెల్లం వేస్తే పాలు విరిగిపోతున్నాయండీ, మీరెలా చేస్తున్నారు?” ఈ ప్రశ్నకి సరైన జవాబు ఉంది కాబట్టి ఈ నెల కబుర్లు దాని చుట్టూనే.

మా పక్కింటి పిన్నిగారిది కోనసీమ. “మా చిన్నప్పుడు కాఫీ అంటే బెల్లం కాఫీయేనమ్మా. పంచదార చుట్టాలొస్తేనే డబ్బాలోంచి బయటికొచ్చేది” అంటారావిడ. ఆ తరం వాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు. ఇటు నిజాం రాజ్యంలో బోధన్ చక్కెర కర్మాగారం పెట్టింది 1937లో. చక్కెర అందరి వంటింటి సరుకు అయ్యేదాకా కాఫీలోకీ టీలోకీ బెల్లమే దిక్కు. అప్పటివాళ్లకి పాలు ఎందుకు విరగలేదంటే, వాళ్లు పరమాన్నం చేసే పద్ధతినే కాఫీకీ వాడారు. పరమాన్నం పొయ్యి మీద కుతకుతలాడుతుండగా బెల్లం వెయ్యరు కదా. దింపి, కాస్త వేడి తగ్గాక కలుపుతారు. కాఫీకీ అదే సూత్రం.

కారణం చెప్పుకుందాం. పాలు విరగాలంటే పులుపూ వేడీ రెండూ తోడవ్వాలి. చల్లని పాలు కొంచెం పులుపుని తట్టుకుంటాయి. అదే పులుపు మరుగుతున్న పాలల్లో పడితే తట్టుకోలేవు. కాఫీ డికాక్షన్‌లో సహజంగానే కొంత పులుపుంది. బెల్లంలోనూ ఉంది. కొత్త బెల్లంలో తక్కువ, పాత బెల్లంలో ఎక్కువ. బెల్లం గాలిలోని తేమని పీల్చుకుంటుంది. వానాకాలం గడిచేసరికి మెత్తబడి, లోపల కొంచెం పులుస్తుంది. పాలు కూడా నిన్నటి పాకెట్టువైతే అవీ అప్పటికే కాస్త పులుపు తిరిగి ఉంటాయి. ఈ మూడూ కలిసి పొయ్యి మీద మరిగితే విరగకుండా ఉండడం కష్టం. ఒకే ఇంట్లో ఒకే మనిషి చేసిన బెల్లం కాఫీ జనవరిలో బాగుండి సెప్టెంబర్లో విరగడానికి కారణం ఇదే. చెయ్యి తిరగకపోవడం కాదు, బెల్లం వయసు.

స్టేషన్ వైపు సందులో బండి పెట్టుకున్న ఒకతను దీన్ని రెండు ముక్కల్లో తేల్చేశాడు. “పాలు మరిగేటప్పుడు బెల్లమేస్తే ఆగమైతది అమ్మా. ముందుగాల బెల్లం నీళ్లు కాచి పెట్టుకోవాలె. గిలాసల ఆ నీళ్లు పోసి, మీదికెల్లి పాలు పొయ్యాలె. ఇగ ఇరగది.” ఆయన బండి మీద రెండు గిన్నెలుంటాయి. ఒకదాంట్లో పాలు, ఇంకోదాంట్లో నల్లని బెల్లం పాకం. రెండూ కలిసేది గ్లాసులోనే, పొయ్యి మీద కాదు.

ఇంట్లో చేసుకునే లెక్క ఇది. వంద గ్రాముల బెల్లం చిదిపి, యాభై మిల్లీలీటర్ల నీళ్లు, అంటే చిన్న టీ గ్లాసులో సగానికి కాస్త పైన, పోసి సన్నసెగ మీద పెట్టండి. అరిసెల పాకంలాగా ముదరనివ్వక్కర్లేదు. బెల్లం కరిగి ఒక్క పొంగు రాగానే దింపేసి పల్చని గుడ్డలో వడకట్టండి. గుడ్డలో మిగిలేది చూస్తే వడకట్టడం ఎందుకో తెలుస్తుంది. చెరుకు పీచు, సన్న ఇసక, ఒక్కోసారి సున్నపు నలుసులు. బెల్లం ముక్క నేరుగా కాఫీలో వేసుకుంటే ఇవన్నీ చివరి గుక్కలో నోటికి తగులుతాయి. పైగా ముక్క త్వరగా కరగదు కూడా. పంచదార పలుకు చిన్నది, నాలుగు తిప్పులు తిప్పితే కలిసిపోతుంది. బెల్లం గట్టిగా ముద్దకట్టి ఉంటుంది కాబట్టి పైపొర కరిగితే గాని లోపలికి కాఫీ చేరదు. అది కరిగేలోపు కాఫీ చల్లారుతుంది. తురిమి వేస్తే కొంత నయం గాని నలుసుల బాధ తీరదు.

ఇలా కాచిన పాకం ఒక చెంచాకి సుమారు నాలుగు గ్రాముల బెల్లం వస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే వారం హాయిగా ఉంటుంది. ఒక గ్లాసు కాఫీకి యాభై మిల్లీలీటర్ల డికాక్షన్, వంద మిల్లీలీటర్ల పాలు, రెండు చెంచాల పాకం. గ్లాసులో ముందు పాకం, దాని మీద వేడి డికాక్షన్ పోసి కలపాలి. పాలు విడిగా కాచి, దింపి, పొంగు అణిగాక ఒక్క నిమిషం ఆగి, అప్పుడు పోసి తిరగబోసుకోవాలి. బెల్లంలో కొంత తేమా, ఖనిజ లవణాలూ ఉంటాయి గనక అంతే బరువు పంచదార కన్నా తీపి కాస్త తక్కువే. రెండు చెంచాల పంచదార అలవాటున్నవాళ్లకి ఇది కొంచెం చప్పగా అనిపిస్తే ఇంకో అరచెంచా పాకం కలుపుకోవచ్చు. ఒకటే నియమం, కలిపిన కాఫీని మళ్లీ వేడి చెయ్యకూడదు. ఇళ్లలో విరిగే కాఫీల్లో చాలావరకు అలా రెండోసారి పొయ్యెక్కినవే. మొదటి గుర్తు గ్లాసు గోడకి సన్నని తెల్ల రవ్వ అంటుకోవడం, అంచు దగ్గర కాఫీ నీళ్లలా పల్చబడడం.

బెల్లం పాతదో కొత్తదో అనుమానంగా ఉంటే పరీక్ష సులువు. రెండు చెంచాల పాలు చిన్న గిన్నెలో మరిగించి, ఒక చెంచా పాకం అందులో పోసి చూడండి. విరగలేదా, ఆ బెల్లం కాఫీకి నిర్భయంగా వాడొచ్చు. విరిగితే దాన్ని పాలు లేని కాఫీకీ, పచ్చిపులుసుకీ కేటాయించండి. కొన్ని బండ్ల దగ్గర చిటికెడు వంటసోడా వేసి పులుపు చంపేస్తారు. పాలు విరగవు గాని కాఫీ ప్రాణం కూడా పోతుంది. ఆ డికాక్షన్ సబ్బు నీళ్ల రుచికి దగ్గరగా వస్తుంది. నేనైతే దాన్ని ఒప్పుకోను.

ఇక ఏ బెల్లం అన్న మాట. ఆంధ్రవైపు అనకాపల్లి మార్కెట్ పేరు అందరికీ తెలిసిందే. మనకి కామారెడ్డి, నిజామాబాద్ వైపు నుంచి కూడా వస్తుంది. షాపులో మిసమిసలాడే పసుపు దిమ్మ పక్కన ముదురు గోధుమరంగు దిమ్మ ఉంటే కాఫీకి రెండోదే తీసుకోండి. చెరుకు రసం కాచేటప్పుడు మురికి తీయడానికి బెండ మొక్క జిగురు వాడే పాతపద్ధతి ఒకటుంది. రంగు తెల్లబడడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపే కొత్త అలవాటు ఇంకోటుంది. హైడ్రోస్ ఎక్కువైన బెల్లాన్ని కాస్తే అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే గంధకం వాసన లేస్తుంది. వేడి కాఫీలో ఆ వాసన ఇంకా పైకి తేలుతుంది. అలాగని నలుపే మేలనుకుని, జిగురుగా కారుతూ కల్లు వాసన కొట్టే నల్లబెల్లం కొనకండి. అది పులిసిన సరుకు. గుడుంబా కాచేవాళ్ల చేతిలో పడుతుందనే దాని అమ్మకం మీద ఎక్సైజు వాళ్లు కన్నేసి ఉంచుతారు.

మాఘమాసంలో రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది. సమ్మక్క సారలమ్మలకి నిలువెత్తు ‘బంగారం’ సమర్పించడమంటే బెల్లమే కదా. జాతర ఏడాది మా పేటలోనూ తక్కెళ్లలో మనుషుల్ని కూచోబెట్టి బెల్లం తూచడం చూస్తాం. అక్కడినుంచి వచ్చే ప్రసాదం ముక్కలు ఇంటింటా పేరుకుంటాయి. వాటికి పసుపూ కుంకుమా దుమ్మూ అంటుకునే ఉంటాయి. పాకం కాచి, గుడ్డలో రెండుసార్లు వడకట్టి కాఫీకి వాడుకుంటే ప్రసాదం ఎక్కడా వృథా కాదు.

రుచి విషయానికొస్తే, చికోరీ కలిపిన పొడికి బెల్లం జత కుదరదని నా అభిప్రాయం. చికోరీ అంటే వేయించిన వేరు. దానికే మాడిన తీపి వాసన ఉంటుంది. దాని మీద బెల్లం పడితే రెండూ ఒకేవైపు లాగి, కాఫీ గింజ రుచి అడుగున పడిపోతుంది. పొడి పట్టించేటప్పుడు చికోరీ తగ్గించమని చెప్పండి, లేదా అసలొద్దనండి. అప్పుడు చూడండి బెల్లం ఏం చేస్తుందో. పంచదార కాఫీకి తీపి మాత్రమే ఇస్తుంది. బెల్లం తీపితో పాటు కొంచెం ఉప్పదనం, కొంచెం కమ్మదనం ఇచ్చి, చేదు అంచుని మెత్తబరుస్తుంది. ముదురు వేపుడు పొడికి ఇది బాగా నప్పుతుంది.

తాటి బెల్లం కబురు వేరు. నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ తెరిచాక తాటి సరుకుల మీద నగరవాసులకి కాస్త ధ్యాస పెరిగింది. తెల్లవారుజామున తాటిచెట్టు మీంచి దింపిన తియ్యటి నీరాని ఎండెక్కేలోపు కాచాలి, లేకపోతే కల్లవుతుంది. పులవకుండా ఉండడానికి కుండ లోపల సున్నం పూస్తారు. కిలో బెల్లం కావాలంటే ఎనిమిది నుంచి పది లీటర్ల నీరా కాచాలి. ఒక్కో చెట్టూ ఎక్కి దిగే గౌడన్నల కష్టం, గంటల తరబడి మండే కట్టెలు, ఇవన్నీ కలిపితే దాని ధర చెరుకు బెల్లంతో సమానంగా ఉండడం అసాధ్యం. ఎక్కడైనా అంత చవకగా కనబడితే అందులో పంచదారో చెరుకు బెల్లమో కలిసిందని అనుమానించాల్సిందే. విరిచి చూస్తే లోపల పంచదారలా తళుక్కుమనే పలుకులుంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

కరగడంలో తాటి బెల్లం చెరుకు బెల్లం కన్నా మొండిది. దిమ్మ గట్టిగా ఉంటుంది, రోట్లో దంచి పాకం కాయాల్సిందే. దింపాక కదపకుండా పావుగంట ఉంచితే సున్నపు తెల్ల నలుసులు అడుక్కి దిగుతాయి. పైన తేటని మాత్రం ఒంపుకోవాలి. ఇందులో తీపి మెల్లగా వస్తుంది. ముందు పొగ వాసన, తర్వాత తీపి, చివర్న నాలుక వెనక చిన్న చేదు. పాల కాఫీలో ఈ అందమంతా మునిగిపోతుంది. తమిళనాడు దక్షిణపు కొసన తూత్తుకుడి, తిరునెల్వేలి వైపు దీన్ని పాలు లేకుండా సొంఠి దంచి వేసి తాగుతారు. కరుప్పట్టి కాఫీ, సుక్కు కాఫీ అని పేరు. చలికి గొంతు పట్టేసిన సాయంత్రం మనమూ అలాగే చేసుకోవచ్చు. రెండు గ్లాసుల నీళ్లలో చిటికెడు సొంఠి, నాలుగు మిరియాలు, మూడు చెంచాల తాటిబెల్లం పాకం వేసి మరిగించి, దింపాక చెంచాన్నర కాఫీ పొడి వేసి మూతపెట్టి, నాలుగు నిమిషాలాగి వడకట్టుకోవడమే. పాలు లేవు గనక విరుగుతాయన్న బెంగ లేదు. ఎంత మరిగినా ఫర్వాలేదు.

తేనె దగ్గరికొచ్చేసరికి జనవరిలో అందరి ఫిర్యాదూ ఒకటే. “జీసీసీ తేనె సీసా తెచ్చానండీ, అడుగున పంచదార పేరుకుంది, కల్తీ అంటారా?” పేరుకోవడం కల్తీకి రుజువు కాదు. తేనెలో రెండు రకాల చక్కెరలుంటాయి, గ్లూకోజ్, ఫ్రక్టోజ్. పద్నాలుగు డిగ్రీల దగ్గర గ్లూకోజ్ త్వరగా పలుకు కడుతుంది. మన హైదరాబాద్‌లో చలికాలం రాత్రులు సరిగ్గా ఆ ప్రాంతానికే దిగుతాయి కాబట్టి వంటింటి గూట్లో ఉన్న సీసా పేరుకుంటుంది. చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లలో సీసాని అరగంట ఉంచితే మళ్లీ కరుగుతుంది. పొయ్యి మీద మాత్రం పెట్టకండి, వాసన పోతుంది.

కరగడానికి తేనె అన్నిటికన్నా సులువు, ఎందుకంటే అది అప్పటికే ద్రవం. కాకపోతే బరువెక్కువ. కాఫీలో వెయ్యగానే సూటిగా అడుగుకి దిగి కూచుంటుంది. పైపైన తిప్పితే చాలదు, చెంచా అడుగుకి తగిలేలా తిప్పాలి. చల్లకాఫీలో అయితే తీగలు తీగలుగా సాగి గడ్డకడుతుంది. ముందు రెండు చెంచాల వేడి డికాక్షన్‌లో విప్పి, తర్వాత చల్లటి పాలూ ఐసూ కలపాలి.

తేనె కాఫీలో ఒక చిత్రముంది, శ్రద్ధగా తాగితే తెలుస్తుంది. పొగలు కక్కుతున్నప్పుడు తీపి తక్కువనిపిస్తుంది, చల్లారే కొద్దీ పెరుగుతుంది. ఫ్రక్టోజ్ స్వభావమే అంత. చల్లగా ఉన్నప్పుడు పంచదారని మించిన తీపి, అరవై డిగ్రీల వేడిలో పంచదార కన్నా తక్కువ తీపి. అందుకే మొదటి గుక్కకి చప్పగా ఉందని ఇంకో చెంచా వేసుకున్నవాళ్లకి చివరి గుక్క మొహం మొత్తుతుంది. ఒక చెంచా వేసుకుని, నోటికి హాయిగా ఆనే వేడికి వచ్చాక రుచి చూసి, అప్పుడు నిర్ణయించుకోండి. వేడి తగ్గాక తేనె కలపడం వల్ల ఇంకో లాభం, పూల వాసన నిలుస్తుంది. తేనెని వేడి చెయ్యకూడదని ఆయుర్వేదం చెప్పేమాట మన ఇళ్లలో పెద్దలు పాటిస్తూనే ఉంటారు. వాళ్లకీ ఇది సమ్మతమే. ఇక తేనె పులుపు బెల్లానికన్నా ఎక్కువ కాబట్టి మరిగే పాలకి దూరంగా ఉంచాలి. నా మటుకు తేనె చోటు పాలు లేని కాఫీలోనే. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా గింజని లేతగా వేపించి, పల్చగా కాచుకుని, అరచెంచా అడవితేనె వేసుకుంటే గింజలోని సన్నని పులుపూ తేనెలోని పులుపూ ఒకదానికొకటి అందుకుంటాయి. ముదురు వేపుడులో తేనె వేస్తే మందులా ఉంటుంది.

షుగరున్నవాళ్లకి ఒక్కమాట స్పష్టంగా చెప్పాలి. బెల్లం, తాటి బెల్లం, తేనె, ఈ మూడూ ఒంట్లోకి వెళ్లాక చక్కెర పనే చేస్తాయి. బోర్డు మీద ‘షుగర్ లేదు’ అని రాసున్నా నమ్మి రెండో గ్లాసు తాగొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో తేనెని కూడా చక్కెర లెక్కలోనే వేసింది. చెంచా తేనె ఏడు గ్రాములు తూగుతుంది, అందులో అయిదున్నర గ్రాముల దాకా చక్కెరే. సమంగా తీసిన పంచదార చెంచాలో నాలుగే. రుచి కోసం మార్చుకోండి గాని మందనుకుని మార్చుకోకండి. ఏడాది నిండని పసిపిల్లలకి తేనె అసలు నాకించొద్దు.

నుమాయిష్ ఫిబ్రవరి పదిహేను దాకా ఉంటుంది. కొత్త బెల్లం మార్చి చివరిదాకా దొరుకుతుంది. వానలు పడకముందే నాలుగైదు నెలలకి సరిపడా కొనుక్కుని, ముక్కలు కొట్టి, తడి తగలని గాజు సీసాలో గట్టిగా మూతపెట్టి దాచుకోండి. కొనేటప్పుడు దిమ్మ అంచు విరిపించి ఒక పలుకు నోట్లో వేసుకోండి. పులుపు తగిలితే ఆ కొట్టు వదిలెయ్యండి. తియ్యగా, కొంచెం కమ్మగా ఉంటే తూకం వేయించుకోండి.